అవ్వ కంట్లో వాపు

మా బలసముద్రంలో అవ్వకు ఓ పొద్దున లేచేసరికి కుడికన్ను మసకబారింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. పొర అన్నారు ఊళ్లో. పొర ఒక్కరాత్రిలో రాదంది డాక్టరమ్మ.

రెటీనాలో ధమని, సిర ఒకదాన్నొకటి దాటేచోట రెండింటికీ తొడుగు ఒక్కటే. ఏళ్ల తరబడి బీపీతో గట్టిపడిన ధమని పక్కనున్న మెత్తని సిరను నొక్కుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. వెనకాల నిలిచిన రక్తంలోంచి నీరు ఊరి, చూపుకు నడిబొడ్డయిన మాక్యులా ఉబ్బుతుంది. అవ్వేమో తలనొస్తేనే బీపీ మాత్ర మింగేది!

తిమ్మిరి చుక్కలేసి కంట్లోకే సూది వేశారు, నెలకొకటి. మూడో సూదికి స్కాన్‌లో వాపు తగ్గింది. అవ్వ బియ్యంలో రాళ్లేరింది. రెండు నెలలు ఆపితే మళ్లీ ఊరింది. ఆ మందు ఊటను ఆపుతుందే గానీ మూసుకున్న సిరను తెరవదట. అందుకే సూదులింకా నడుస్తున్నాయి.

"కంటికి సూదేస్తిరి కదమ్మా, మళ్లా మాత్రెందుకు?" అంది అవ్వ.

"ఎడమకన్ను కోసం."