గెలుపుకు ఒక లెక్క, ఓటమికి ఒక లెక్క

ఫలితం బాగుంటే అది తన ప్రతిభ, తన కష్టం అనుకోవడం, బాగా లేకపోతే అదృష్టాన్నో వాతావరణాన్నో ఎదుటివారినో కారణంగా చూపడం మనుషుల్లో విస్తారంగా కనిపించే అలవాటు. మనస్తత్వశాస్త్రంలో దీన్ని స్వానుకూల పక్షపాతం అనవచ్చు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఇందులో సగాన్ని ఏనాడో పట్టుకుంది. రెండో సగం అంత తేలిగ్గా కంటపడదు. ఆట బాగా కుదిరిన రోజున మద్దెల ఎంత బాగా పలికిందో ఎవరూ చెప్పుకోరు. పక్షపాతం అసలు ఉన్నది ఈ రెండు రోజుల మధ్య తేడాలోనే. ఓడినవారు చెప్పే కారణం అబద్ధం కానక్కరలేదు, చాలాసార్లు అది నిజమే. అదే కారణం గెలిచిన రోజున లెక్కలోకి రాకపోవడమే అసలు లోపం.

ఈ తేడాను గుర్తించడానికి 2021లో యూఏఈ, ఒమన్‌లలో జరిగిన టీ20 ప్రపంచ కప్ మంచి ఉదాహరణ. ఆ టోర్నీలో అందరి నోటా నలిగిన మాటలు రెండు: టాస్, మంచు. రాత్రి మ్యాచ్‌లో పొద్దుపోయేకొద్దీ మైదానం తడిసి బంతి జారుతుంది. బౌలర్‌కు పట్టు చిక్కదు, స్పిన్నర్ల పదును తగ్గుతుంది, రెండోసారి బ్యాటింగ్ చేసే జట్టుకు పని సులువవుతుంది. దుబాయ్‌లో జరిగిన 13 మ్యాచ్‌ల్లో 12 ఛేజింగ్ చేసిన జట్లే గెలిచాయి. కాబట్టి టాస్ ఉత్త సాకు కాదు, బలమైన కారణమే.

భారత జట్టు దుబాయ్‌లోనే తొలి రెండు మ్యాచ్‌లూ టాస్ ఓడి, మొదట బ్యాటింగ్ చేసి ఓడిపోయింది. అక్టోబర్ 24న పాకిస్థాన్‌పై 7 వికెట్లకు 151 పరుగులు చేస్తే పాకిస్థాన్ ఒక్క వికెట్ కూడా పోకుండా 17.5 ఓవర్లలో గెలిచింది. అక్టోబర్ 31న న్యూజిలాండ్‌పై 110 పరుగులే చేయగా ఆ జట్టు 14.3 ఓవర్లలో పని ముగించింది. టాస్ గెలిచినవారికి అనుచితమైన లాభం దక్కుతోందని ఆ తర్వాత బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్ అన్నాడు.

ఈ కారణం ఎంతవరకు పనికొస్తుందో ఒక్కో భాగంగా చూడాలి. పాకిస్థాన్ వికెట్లు పడకపోవడాన్ని మంచు కొంత వివరిస్తుంది. 31 పరుగులకే భారత్ మూడు వికెట్లు కోల్పోవడాన్ని మాత్రం మంచు నేరుగా వివరించలేదు. ఆ వికెట్లు పడింది సాయంత్రం తొలి ఓవర్లలో, రోహిత్ శర్మను, రాహుల్‌ను వెనక్కి పంపింది షాహీన్ అఫ్రిది కొత్త బంతి. తర్వాత మంచు పడుతుందన్న భయంతో ఎక్కువ పరుగుల కోసం తొందరపడి ఉండవచ్చన్నది తీసిపారేయలేని వాదనే. అలా చూసినా, ఎంత తొందరపడాలన్న నిర్ణయం జట్టుదే. నవంబర్ 3న అబుదాబిలో అఫ్గానిస్థాన్‌పై కూడా భారత్ టాస్ ఓడింది. అయినా 2 వికెట్లకు 210 పరుగులు చేసి 66 పరుగుల తేడాతో గెలిచింది. ప్రత్యర్థి బలం వేరు, మైదానం వేరు కనుక ఈ ఒక్క మ్యాచ్ మొత్తం వాదాన్ని కొట్టేయదు. టాస్ ఓడితే మ్యాచ్ ఓడినట్టే అన్న మాట నిలవదని మాత్రం చూపుతుంది. న్యూజిలాండ్ చేతిలో ఓడాక కెప్టెన్ విరాట్ కోహ్లి బ్యాటుతోనూ బంతితోనూ తగినంత ధైర్యం చూపలేకపోయామని ఒప్పుకున్నాడు. ఓడినవారంతా పరిస్థితులనే తప్పుపడతారనుకోవడం సరికాదు.

అదే టోర్నీని గెలిచిన ఆస్ట్రేలియా వైపు నుంచి చూస్తే రెండో సగం కనిపిస్తుంది. కెప్టెన్ ఆరన్ ఫించ్ ఏడు మ్యాచ్‌ల్లో ఆరింట టాస్ గెలిచి, ఆరుసార్లూ ఫీల్డింగ్ ఎంచుకున్నాడు. ఆరూ ఆస్ట్రేలియా గెలిచింది. టాస్ ఓడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 125కే ఆలౌటై ఓడింది. ఫైనల్లో న్యూజిలాండ్ 172 చేస్తే 18.5 ఓవర్లలో ఛేదించి కప్పు అందుకుంది. టాస్ పెద్ద పాత్రే పోషించిందని ఆ తర్వాత ఫించ్ స్వయంగా అంగీకరించాడు. గెలిచిన కెప్టెన్ నోట ఇలాంటి మాట అరుదుగా వినిపిస్తుంది. అలాగని వార్నర్, మార్ష్‌ల బ్యాటింగ్ విలువ తగ్గిపోదు. పరిస్థితి, ప్రతిభ రెండూ లెక్కలోకి వచ్చినప్పుడే విజయం పూర్తిగా అర్థమవుతుంది.

పత్రికల్లో వచ్చే ఆటగాళ్ల మాటలను ఇదే దృష్టితో లెక్కగట్టిన పరిశోధకులు రిచర్డ్ లౌ, డాన్ రస్సెల్. 1977లో అమెరికాలో జరిగిన బేస్‌బాల్, ఫుట్‌బాల్ పోటీల వార్తలను వారు పరిశీలించి, 1980లో ఫలితాలు ప్రచురించారు. గెలిచిన పక్షం నుంచి వచ్చిన వివరణల్లో సుమారు నాలుగింట మూడు వంతులు తమ జట్టు సామర్థ్యాన్నీ శ్రమనూ చూపేవే. ఓడిన పక్షంలో అలాంటివి సగానికి కాస్త పైన మాత్రమే. ఓడినవారు కూడా సగానికి పైగా సందర్భాల్లో తమలోనే కారణం చూసుకున్నారు. స్వానుకూల పక్షపాతం అంటే బాధ్యతను పూర్తిగా దులిపేసుకోవడం కాదు, తూకం ఒక వైపు మొగ్గడం.

ఇలా ఎందుకు మొగ్గుతుంది అన్నదానికి మూడు వివరణలున్నాయి. మొదటిది ఆత్మగౌరవం: ఓటమి మనసును నొప్పిస్తుంది, కారణాన్ని బయటికి నెడితే నొప్పి తగ్గుతుంది. రెండోది పరువు: నలుగురిలో చులకన కాకూడదని మనిషి మాటను మలుచుకుంటాడు. మూడోదాన్ని డేల్ మిల్లర్, మైకేల్ రాస్ 1975లో ముందుకు తెచ్చారు. మనిషి గెలుస్తాననుకునే పనికి దిగుతాడు, దానికోసం కష్టపడతాడు. అనుకున్నట్టే గెలిస్తే కష్టానికీ ఫలితానికీ పొంతన కుదురుతుంది, ఇంకో కారణం వెతకాల్సిన అవసరం ఉండదు. ఓడితే ఆ పొంతన చెడుతుంది, అప్పుడే చూపు చుట్టూ తిరుగుతుంది. ఈ వివరణలో అహంకారానికి చోటు లేదు. ఊహించని ఫలితానికే కారణాలు వెతకడం ఆలోచనకు సహజమైన తీరు. మూడు వివరణల్లోనూ నిజం ఉంది, సందర్భాన్ని బట్టి ఒక్కోదాని పాలు మారుతుంది. ఏది ఎంత పనిచేసినా ఫలితం ఒకటే: ఓటమిని తరచి చూసినంతగా గెలుపును ఎవరూ తరచి చూడరు.

పరీక్షల్లో ఈ పక్షపాతం ఎక్కువగా ‘పేపరు కఠినంగా వచ్చింది’ అన్న మాటలో కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఎప్‌సెట్‌నే తీసుకుంటే, మార్కులు 160. నమూనా పరీక్షల్లో 120 తెచ్చుకునే విద్యార్థికి అసలు పరీక్షలో 85 వచ్చాయనుకుందాం. పేపరు నిజంగా కఠినమైతే మార్కులు తగ్గడానికి అది సరిపోయే కారణం. సీటు ఇచ్చేది మాత్రం ర్యాంకు. కఠినమైన పేపరు అందరి మార్కులనూ తగ్గిస్తుంది కనుక ఒక్కడి ర్యాంకు పడిపోవడాన్ని అది వివరించలేదు. వేర్వేరు పూటల్లో వేర్వేరు పేపర్లు ఇస్తారు కాబట్టి వాటి మధ్య తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేస్తారు. ర్యాంకు కూడా బాగా దిగిందంటే కారణం ఆ పేపరుకూ ఆ విద్యార్థికీ మధ్య వెతకాలి: తెలియని లెక్క దగ్గర ఎంతసేపు ఆగాడు, ఏ అధ్యాయం వదిలేశాడు, నమూనా పరీక్షల్లో పాత ప్రశ్నలే మళ్లీ వచ్చేవా. పేపరు సులువుగా వచ్చిన ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్నవారికీ ఇదే కొలత వర్తిస్తుంది.

కారణాన్ని లోపల వెతకాలన్నంత మాత్రాన తనను తాను నిందించుకోవడమే మందు కాదు. బెర్నార్డ్ వీనర్ 1970ల్లో చేసిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. కారణం లోపలిదా బయటిదా అన్నది ఒక ప్రశ్న. అది మారేదా మారనిదా, మన చేతిలో ఉందా లేదా అన్నవి మరో రెండు. ‘నాకు బుర్ర లేదు’ అన్నది లోపలి కారణమే, కానీ మారనిదిగా తోస్తుంది కనుక చదువు మానుకునేలా చేస్తుంది. ‘వేగంగా లెక్కలు చేసే సాధన చాల్లేదు’ అన్నదీ లోపలి కారణమే, అయితే రేపు చేయగల పని అందులో ఉంది. పరిస్థితిని తప్పుపట్టడం వల్ల వచ్చే అసలు నష్టం ఇదే: రేపు చేయడానికి ఏమీ మిగలదు.

చదువు చెప్పేవారిలోనూ ఈ ధోరణి ఉంది. 1964లో వెలువడిన ఒక ప్రయోగంలో, కాబోయే ఉపాధ్యాయులు తమకు కనిపించని ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పారు. మొదట వెనుకబడిన పిల్లవాడు తర్వాత మెరుగుపడితే అది తమ బోధన ఫలమన్నారు, మెరుగుపడకపోతే లోపం పిల్లవాడిదన్నారు. పదేళ్ల తర్వాత 1974లో లీ రాస్ బృందం చేసిన ప్రయోగంలో దీనికి ఎదురు ఫలితం వచ్చింది. అందులో ఉపాధ్యాయులు వైఫల్యాన్ని తమ మీదే వేసుకున్నారు, వృత్తిలో ఉన్న ఉపాధ్యాయులు మరీ ఎక్కువగా. కాబట్టి ఈ పక్షపాతం ప్రతి సందర్భంలోనూ తప్పనిసరి కాదు. బాధ్యత తీసుకోవడమే గౌరవంగా భావించే చోట అది తగ్గుతుంది, తలకిందులు కూడా కావచ్చు.

ఉద్యోగంలో, వ్యాపారంలో దీనికి రాతపూర్వకమైన సాక్ష్యం కంపెనీల వార్షిక నివేదికలు. వాటాదారులకు యాజమాన్యం రాసే లేఖలను జేమ్స్ బెట్‌మన్, బార్టన్ వైట్జ్ పరిశీలించి 1983లో ప్రచురించారు. లాభాలకు యాజమాన్య వ్యూహాలనూ, నష్టాలకు తమ చేతిలో లేని బయటి కారణాలనూ చూపే ధోరణి అందులో తేలింది. ఆర్థిక మాంద్యం నిజంగా దెబ్బతీయవచ్చు. అది నిజమో కాదో తేలేది పోటీదారు లెక్కలతో పోల్చినప్పుడు. మార్కెట్ అంతా పది శాతం పడి, కంపెనీ అమ్మకాలు ఇరవై శాతం పడితే మొదటి పది శాతానికే మార్కెట్ జవాబుదారీ. మార్కెట్ పది శాతం పెరిగిన ఏడాది పన్నెండు శాతం పెరిగిన కంపెనీ తన ఘనతగా చెప్పుకోదగింది ఆ రెండు శాతమే.

తప్పును బయటికి నెట్టడం లాభమా అన్న ప్రశ్నకు ఫియోనా లీ, క్రిస్టఫర్ పీటర్సన్, లారిస్సా టీడెన్స్ 2004లో ఒక జవాబు ఇచ్చారు. 14 కంపెనీల 21 ఏళ్ల నివేదికలు చదివితే, చెడు ఫలితాలకు తమ చేతిలో ఉన్న లోపలి కారణాలను చెప్పిన కంపెనీల షేరు ధర ఏడాది తర్వాత మెరుగ్గా ఉంది. ఒప్పుకోవడం వల్లే ధర పెరిగిందని దీంతో రుజువు కాదు. బాగా నడిచే కంపెనీయే ధైర్యంగా ఒప్పుకుని ఉండవచ్చు. ఏదేమైనా, తన తప్పు ఏమిటో చెప్పగలిగిన యాజమాన్యానికి దాన్ని దిద్దుకునే దారి కూడా తెలిసినట్టు వాటాదారులకు తోస్తుంది.

ఈ పక్షపాతం అందరిలో ఒకే మోతాదులో ఉండదు. ఎమీ మెజులిస్ బృందం 2004లో 266 అధ్యయనాలను కలిపి చూసింది. సగటున పక్షపాతం బలంగానే ఉంది. ఆసియా దేశాల్లో అది తక్కువగా తేలింది, అందులోనూ దేశానికీ దేశానికీ చాలా తేడా ఉంది. కుంగుబాటు ఉన్నవారిలో ఇది బాగా బలహీనం. కాబట్టి ఇది కొంతమేరకు మనసును కాపాడే కంచెలా కూడా పనిచేస్తుండవచ్చు. దెబ్బ తిన్న రోజునే మనిషి పూర్తి లెక్క చూసుకోనక్కరలేదు. కొన్నాళ్లు పోయాకైనా చూసుకోకపోతే అదే తప్పు మళ్లీ జరుగుతుంది.

ఆ లెక్క చూసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు సాయపడతాయి. ఇప్పుడు చూపుతున్న పరిస్థితి గెలిచినప్పుడు కూడా ఉందా, ఉంటే అప్పుడు దాన్ని లెక్కించామా? అదే పరిస్థితిలో ఉన్న మిగతావారికి ఏం జరిగింది? ఫలితం రాకముందే, ఏది జరిగితే గెలుస్తాం, ఏది జరిగితే ఓడతాం అని రాసి పెట్టుకున్నామా? మూడోది అన్నింటికన్నా గట్టిది. ఫలితం తెలిశాక పుట్టే కారణం ఆ ఫలితానికి తగ్గట్టు ఒంగుతుంది, ముందుగా కాగితం మీద పెట్టినది ఒంగదు. జట్టు సమీక్షలోనైనా, పరీక్ష ముగిసిన ఇంట్లోనైనా, కార్యాలయంలోనైనా ఈ ప్రశ్నలను ఓటమి తర్వాత మాత్రమే వేసుకుంటే సగం పనే జరిగినట్టు. గెలుపు తర్వాత కూడా వేసుకున్నప్పుడే పరిస్థితి చేసినదెంత, మనిషి చేసినదెంత అన్నది విడివిడిగా తెలుస్తుంది.