నోరు మాటిమాటికీ ఎందుకు పొక్కుతుంది?

మా తండాల్లో ఎవరికైనా నోరు పొక్కితే ఒకే మాట అంటారు: "ఒంట్ల వేడి చేసింది." సబ్జా గింజలు నానబెట్టిన నీళ్లు తాగిస్తారు, మజ్జిగ పోస్తారు, రెండు రోజులు కారం బంద్ పెడతారు. వారం తిరిగేసరికి తగ్గుతుంది కాబట్టి ఆ మందే పని చేసిందని అనుకుంటాం. నిజానికి మామూలు నోటి పూత ఏ మందూ లేకున్నా వారం, పది రోజుల్లో దానంతటదే మానుతుంది. తగ్గిన పూత మళ్లీ ఎందుకు వస్తుందన్నదే అసలు ప్రశ్న. తాండూరు వైపు గిరిజన పిల్లలకు ఇరవై ఏళ్లుగా చదువు చెబుతున్న మాకు, ఒక పదో తరగతి అమ్మాయి వల్ల గానీ ఆ ప్రశ్న తట్టలేదు.

ఆ అమ్మాయి హాస్టల్లో ఉండేది. కంచం ముందు కూర్చుని అన్నం కలిపి, రెండు ముద్దలు తిని లేచిపోయేది. అన్నం పారేస్తున్నదని మేము ఒకరోజు నలుగురిలో కోప్పడ్డాం. ఆమె ఏడుస్తూ, "సారూ, కారం తగిల్తే పానం పోతున్నది" అని కింది పెదవి తిప్పి చూపింది. కందిబద్దంత పుండు. గుండ్రంగా ఉంది, నడుమ పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రటి అంచు. టార్చి వేసి చూస్తే ఎడమ బుగ్గ లోపల ఇంకొకటి ఉంది. "ఎన్ని రోజులైంది?" అని అడిగితే, "ఇవి నాలుగు రోజులు. కానీ నెలనెలా వస్తయి సార్" అన్నది. కోప్పడినందుకు మాకు సిగ్గేసింది.

ఆమె నోటు పుస్తకం చివరి పేజీలో నాలుగు గడులు గీసిచ్చాం. పుండు వచ్చిన తేదీ, నోట్లో ఏ చోట, ఆ వారం ఏం జరుగుతున్నది, మానిన తేదీ. మూడు నెలలు రాయమన్నాం. మూడు నెలల్లో ఏడు పుండ్లు వచ్చాయి. ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చుంటే రెండు సంగతులు కనిపించాయి.

ఏడింటిలో మూడు అదే చోట వచ్చాయి, ఎడమ బుగ్గ లోపల, కింది దవడ పన్నుకు ఎదురుగా. పుండు ఎప్పుడూ ఒకేచోట వస్తున్నదంటే అక్కడ ఏదో గీసుకుంటున్నదని అర్థం. ఆ పన్ను అంచు విరిగి ఉంది. నమిలేటప్పుడు బుగ్గ దాని కింద పడి నలుగుతున్నది. పుండు వాచితే బుగ్గ ఇంకాస్త ముందుకు వచ్చి మళ్లీ పంటి కింద పడుతుంది. దీనికి మాత్రతో పని లేదు. పంటి డాక్టరు ఆ అంచు అరగదీస్తే చాలు.

మిగతా నాలుగు చోటు మారుతూ వచ్చాయి, పెదవి లోపల, నాలుక కింద, నాలుక అంచున. వాటిలో మూడు పరీక్షల వారాల్లోనే వచ్చాయి. ఇది మాకు కొత్త కాదు. టీచర్ ట్రైనింగ్ అయ్యాక డీఎస్సీకి చదివిన రోజుల్లో మాకూ ఇలాగే నోరు పొక్కేది. రాత్రుళ్లు నిద్ర ఉండదు, ఆలోచనలో పడి పెదవి కొరుక్కుంటాం, వేళకు తినం. మనసు మీది ఒత్తిడికీ ఈ పుండ్లకూ సంబంధం ఉందని డాక్టర్లు కూడా అంటారు. కానీ పరీక్షలు క్లాసులో అందరికీ ఉన్నాయి. మరి ఈ పిల్లకే ఎందుకు?

ఆ జవాబు కోసం తాండూరు ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ముందు కింది కనురెప్ప లాగి చూసింది, పాలిపోయి ఉంది. నాలుక చాపమంది. మామూలుగా నాలుక మీద ఉండే గరుకు పోయి, ఎర్రగా నున్నగా ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12 అయినా ఉండాలి. విటమిన్ బి12 140 ఉంది, సాధారణంగా 200 కంటే తక్కువైతే లోటు అంటారు.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. నోటి లోపలి పొర చాలా త్వరగా అరుగుతుంది, అంతే త్వరగా కొత్తది పుడుతుంది. కొత్త పొర పుట్టడానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 మూడూ కావాలి. ఏది తగ్గినా పొర పలచబడుతుంది. బలహీనమైన చెరువు కట్టకు చిన్న గండి చాలు. వేరే పిల్లలకు ఒకరోజులో పోయే పంటి గాటు ఈ పిల్లకు పది రోజుల పుండు అవుతుంది. పుండు వల్ల తినదు, తినక రక్తం ఇంకా తగ్గుతుంది.

"బడిలో వారానికోసారి నీలం మాత్ర ఇస్తున్నాం కదమ్మా" అని మేమన్నాం. ఆ మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు ఉంటాయి. బి12 ఉండదు. ఈ మాట ఉపాధ్యాయులందరికీ తెలియాలి. పైగా విరేచనం నల్లగా వస్తున్నదని, కడుపులో తిప్పుతున్నదని పిల్లలు ఆ మాత్రను జేబులో దాచి పారేస్తారు. ఇనుముతో విరేచనం నల్లబడటం మామూలేనని ముందే చెప్పి, అన్నం తిన్నాక మన ముందే మింగించాలి. వెంటనే చాయ్ తాగనివ్వకూడదు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

బి12 సంగతి వేరు. అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. జొన్నరొట్టె, కందిపప్పు, ఆకుకూరల్లో ఉండదు. ఈ అమ్మాయి ఇంట్లో మొక్కు ఉండి నాలుగో తరగతి నుంచి గుడ్డూ మాంసం మానేసింది. పాలంటే చాయ్‌లో పడ్డవే. కాలేయంలో దాచిన బి12 కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి లోటు ఇంత ఆలస్యంగా బయటపడింది. మొక్కు విడవమని మేము చెప్పలేదు. రోజూ ఒక గ్లాసు పాలు, గిన్నెడు పెరుగు తినమన్నాం. అప్పటికే ఉన్న లోటు తిండితో తీరదని డాక్టరమ్మ బి12 ఇంజెక్షన్లు, ఇనుము మాత్రలు రాసింది. రక్తం సరైన లెక్కకు వచ్చాక కూడా ఇనుము మూడు నెలలు ఆపొద్దన్నది. మెడికల్ షాపులో నాలుగు బి కాంప్లెక్స్ గోలీలు కొని మింగితే ఖాళీ అయిన గాదె నిండదు.

పన్ను అరగదీశాక బుగ్గలో పుండు మళ్లీ రాలేదు. ఆరు నెలల్లో మొత్తం రెండే వచ్చాయి, ఒకటి పబ్లిక్ పరీక్షల వారంలోనే. అందరికీ ఇలా లోటు దొరుకుతుందని కాదు. చాలామందికి రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రుల నుంచే ఈ పూత వస్తుంది. వాళ్లకు నొప్పి తగ్గే పూత మందు, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలి, వేళకు నిద్ర ఉపశమనం ఇస్తాయి. అయితే ఇది అంటువ్యాధి కాదు, పక్క పిల్లల కంచం వేరు పెట్టనక్కర్లేదు.

ఇంకొక్క మాట. మా చిన్నాయనకు నాలుక పక్కన పుండు వచ్చింది. ఆయన జర్దా నమిలేవాడు. నొప్పి లేదు కదా, వేడి చేసిందిలే అని రెండు నెలలు మజ్జిగ పోశాం. అంచు గట్టిపడింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రికి పోయేసరికి గడ్డ మెడకు దిగింది. మామూలు పూత నొప్పి పెడుతుంది, మానుతుంది. మూడు వారాలకు మానని పుండును, నొప్పి లేకున్నా, డాక్టరుకు చూపించి తీరాలి. అందుకే మా నాలుగు గడుల్లో చివరిది మానిన తేదీ. ఇప్పుడు నోరు పొక్కిందన్న ప్రతి పిల్లకూ ఆ గడులు గీసిస్తున్నాం. ఇరవై ఒక్క రోజులైనా ఆ చివరి గడి ఖాళీగా ఉంటే, పిల్లను వెంటబెట్టుకుని తాండూరు బస్సెక్కుతున్నాం.