నెలనెలా పోయే ఇనుము లెక్క

మన భాషలో నెలసరికి ఎన్ని పేర్లో! బయట చేరింది, దూరంగా ఉంది, కాకి ముట్టింది, ఇంట్లో లేదు... డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఇలాంటి మాటలు పోగేసుకోవడం నాకో సరదా. ఇన్ని మాటలున్నా, ఎంత పోతోందో చెప్పే మాట మాత్రం ఒక్కటీ లేదు. "వచ్చిందా?" "వచ్చింది." అంతే, అక్కడితో సరి. ఎక్కువో తక్కువో పోల్చి చూసుకుందామన్నా పక్కవాళ్ళ నెలసరి మనకు తెలీదు.

మా తోడికోడలికి 43 ఏళ్ళు. నెల తప్పకుండా 27 రోజులకోసారి వచ్చేది, ఎనిమిది రోజులు ఉండేది. రెండోరోజూ మూడోరోజూ గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. రాత్రి రెండుసార్లు లేవడం, రూపాయి బిళ్ళ కన్నా పెద్ద గడ్డలు పడటం మామూలే. "మా అమ్మకీ ఇంతే అక్కా, మా ఇంట్లో అందరికీ ఇంతే" అనేది. మెట్లెక్కితే ఆయాసం, పొయ్యి దగ్గర నిలబడితే కళ్ళు తిరగడం వయసు వల్లే అనుకుంది. బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకునే అలవాటు ఒకటి మొదలైంది. ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం ఇనుము తగ్గినవాళ్ళలో కనిపించే లక్షణమట. అది డాక్టరమ్మ చెప్పాక తెలిసింది.

ఎంత పోతే ఎక్కువ అంటారు? ఒక నెలసరిలో మామూలుగా పోయేది 30, 40 మి.లీ. 80 మి.లీ. దాటితే ఎక్కువ కింద లెక్క. ఇంట్లో ఎవరూ కొలవలేరు కాబట్టి గుర్తులే చూసుకోవాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకోవాల్సి రావడం, రాత్రి మార్చుకోడానికి నిద్ర లేవడం, పెద్ద గడ్డలు, ఏడు రోజులు దాటడం. ఇవి నెలనెలా ఉంటే అది "మా ఇంట్లో ఇంతే" అనుకుని వదిలేసేది కాదు. అసలు గర్భసంచి గడ్డలు తల్లికి ఉంటే కూతుళ్ళకీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి అమ్మకీ అలాగే ఉండేదంటే పరీక్ష చేయించుకోడానికి అదింకో కారణం.

ఇప్పుడు ఇనుము సంగతి. ఇంటి పద్దు రాసుకునేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మనం ఎంత తిన్నా రోజుకి ఒంటబట్టే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందులో ఒక మిల్లీగ్రాము దాకా చర్మం నుంచీ పేగుల నుంచీ రోజూ పోతూనే ఉంటుంది. నెలకి మిగిలేది మహా అయితే 30 మిల్లీగ్రాములు. ఒక మి.లీ. రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. 40 మి.లీ. పోయినప్పుడు 20 మిల్లీగ్రాములు ఖర్చు, పద్దు సరిపోతుంది. 150 మి.లీ. పోతే ఖర్చు 75. అంటే నెలకి 45 లోటు. ఆ లోటుని ఒంట్లో దాచిన నిల్వలోంచి తీసుకుంటుంది శరీరం. ఆడవాళ్ళ నిల్వ దాదాపు 300 మిల్లీగ్రాములు. ఆరేడు నెలల్లో డబ్బా ఖాళీ!

ఆ డబ్బాలో ఎంత ఉందో చెప్పే పరీక్ష పేరు ఫెరిటిన్. హిమోగ్లోబిన్ అంటే చేతి ఖర్చుకి పర్సులో ఉన్న డబ్బు. నిల్వ అయిపోయేదాకా పర్సు నిండుగానే కనిపిస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ 12 ఉన్నా కొందరికి నీరసం, జుట్టు రాలడం ఉంటాయి. ఫెరిటిన్ 30 కన్నా తక్కువుంటే నిల్వ అడుగంటినట్టే. మా తోడికోడలికి 6 ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే ప్రాణవాయువు సరిపోక గుండె వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. మెట్ల మీద ఆయాసం, లేవగానే కళ్ళు తిరగడం అందువల్లే.

సరే, రక్తం అంతలా ఎందుకు పోతోంది? మన వయసులో తరచుగా కనిపించేవి రెండు: గడ్డలు, హార్మోన్ల తేడా. క్యాలెండర్‌లో గీసుకున్న గుర్తులు చూస్తే ఏదై ఉంటుందో కొంతవరకు ఊహించొచ్చు.

అండం విడుదలైన నెలలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వచ్చి గర్భసంచి లోపలి పొరని అదుపులో పెడుతుంది. నలభై దాటాక కొన్ని నెలలు అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ రాదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేసి పొర మందంగా పెరుగుతూ పోతుంది. రెండు నెలలు రాకుండా ఆగి, ఆ తర్వాత పదిహేను రోజులు ఆగకుండా పోయేది ఎక్కువగా ఈ బాపతే. థైరాయిడ్ తగ్గినా నెలసరి ఇలా గాడి తప్పొచ్చు. తేదీ తప్పకుండా వచ్చి, వచ్చిన నాలుగు రోజులూ వరదలా పోతుంటే గడ్డల్ని అనుమానించాలి. ఇది ఊహే, తేల్చాల్సింది స్కానింగ్. కొందరికి రెండూ ఉంటాయి. నలభై అయిదు దాటినవాళ్ళకీ, తేదీలు గాడి తప్పినవాళ్ళకీ లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపమంటారు. పొర అతిగా పెరిగితే అది క్యాన్సర్ వైపు మళ్ళే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి, ఆ పరీక్ష వద్దనకండి.

గడ్డలంటే ఫైబ్రాయిడ్స్. కండరంతో పెరిగే కంతులు, దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. మా తోడికోడలి స్కానింగ్‌లో రెండు కనిపించాయి. ఒకటి 5 సెం.మీ., ఇంకోటి 2 సెం.మీ. మొదట చూపించిన చోట, "రెండు గడ్డలున్నాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట వినని ఇల్లు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆంధ్ర, తెలంగాణల్లోనే. ఆపరేషన్ తేదీ కూడా అనుకున్నారు. మా మరిది రిపోర్టులు పట్టుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను.

ఆవిడ ముందు అడిగింది గడ్డ సైజు కాదు, ఎక్కడుంది అని. కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చూపించింది. 5 సెం.మీ. గడ్డ బయటి గోడకి ఉంది. అలాంటిది పొట్ట బరువుగా అనిపించేలా చేయొచ్చు, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తించొచ్చు గానీ రక్తస్రావానికి సాధారణంగా కారణం కాదు. 2 సెం.మీ.ది లోపలి పొర కిందే ఉండి, సంచిలోకి తోసుకొచ్చింది. చిన్నదే అయినా రక్తం పోయేది దానివల్లే. "పెద్దదాన్ని చూసి భయపడుతున్నారు, పని చేస్తున్నది చిన్నది" అంది.

అలాంటి గడ్డని పొట్ట మీద కోత లేకుండా, యోని మార్గంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి తీసేయొచ్చు. హిస్టెరోస్కోపీ అంటారు. కానీ 7.8 రక్తంతో మత్తుమందు ఇవ్వడం మంచిది కాదని ముందు ఇనుము ఎక్కించారు, వారం తేడాతో రెండుసార్లు సెలైన్‌లో. ఆ మధ్యలో వచ్చిన నెలసరికి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. అవి హార్మోన్లు కావు, రక్తం ఎక్కువగా పోయే రోజుల్లోనే వేసుకోవాలి. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిన వాళ్ళు వేసుకోకూడదు. కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావవి. హిమోగ్లోబిన్ 10 దాటాక ఆ గడ్డ తీశారు, మర్నాడు ఇంటికొచ్చేసింది. తీసిన ముక్కని పరీక్షకి పంపితే మామూలు గడ్డేనని తేలింది. పెద్దదాన్ని అలాగే వదిలేసి ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకోమన్నారు. ముట్లాగిపోయాక చాలామందికి గడ్డలు వాటంతటవే కుంచించుకుపోతాయి.

లోపల గడ్డ లేకుండా హార్మోన్ల వల్లే ఎక్కువ పోయేవాళ్ళకి ప్రొజెస్టిరాన్ మాత్రలో, హార్మోన్ ఉన్న లూపో చాలాసార్లు సరిపోతుంది. ఆ లూప్ కొన్నేళ్ళు పనిచేస్తుంది. సంచి లోపల గడ్డ ఉంటే మాత్రం లూప్ జారి పడిపోవచ్చు. గర్భసంచి తీయాల్సిన వాళ్ళూ ఉంటారు. గడ్డలు చాలా ఉండి, మందులకీ చిన్న ఆపరేషన్లకీ లొంగకపోతే అదే సరైన దారి. అప్పుడు కూడా అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని అడిగి తెలుసుకోండి. చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిపోయి, ఎముకలూ గుండే దెబ్బతింటాయి.

ఇక మిగిలింది ఇనుము నింపుకోవడం. మా అత్తయ్య రోజూ బీట్‌రూట్ రసం ఇచ్చింది, ఎర్రగా ఉంటుందని. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. అందులోనూ ఒంటబట్టేది కొంతే. తినడం మంచిదే గానీ ఖాళీ అయిన డబ్బా దాంతో నిండదు, మాత్రలు కావాలి. మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీలకి కనీసం గంట దూరం పెట్టాలి. క్యాల్షియం మాత్ర వేరే పూటకి మార్చుకోవాలి. మలం నల్లగా రావడం మామూలే, భయపడక్కర్లేదు. కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టరుకి చెప్తే రోజు విడిచి రోజు వేసుకోమంటారు, అలా కూడా పనిచేస్తుంది.

హిమోగ్లోబిన్ 12 వచ్చిన రోజున మాత్రలు ఆపేస్తే పర్సు నిండింది, డబ్బా ఖాళీగానే ఉంది అన్నమాట. ఆ తర్వాత ఇంకో మూడు నెలలైనా వేసుకోవాలి. మా తోడికోడలు అలాగే వేసుకుంది. ఇప్పుడు నెలసరి అయిదు రోజులే, ఫెరిటిన్ 48. బియ్యం డబ్బా జోలికి వెళ్ళట్లేదు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. రెండు గంటల పాటు గంటకో ప్యాడ్ తడిసిపోతూ, లేస్తే కళ్ళు చీకట్లు కమ్మి, గుండె దడదడలాడుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. మిగతావాళ్ళు వచ్చే నెల నుంచి క్యాలెండర్‌లో తేదీతో పాటు రోజుకెన్ని ప్యాడ్లు మార్చారో కూడా రాసుకోండి. మూడు నెలలు రాసిన ఆ కాగితం చూస్తే డాక్టరుకి సగం సంగతి తెలిసిపోతుంది.