పన్నెండో రోజు వచ్చిన ఫోను

మాదాపూర్‌లోని ఒక చిన్న కన్సల్టెన్సీలో పదకొండేళ్లుగా రిక్రూటర్‌గా ఉన్నాను. కంపెనీలకు కావలసిన మనుషులను వెతికి, ఇంటర్వ్యూలు చేయించి, ఆఫర్ లెటర్ చేతికొచ్చి వాళ్లు ఉద్యోగంలో చేరేదాకా వెంట ఉండటం నా పని. ఈ పనిలో నేను తరచుగా వినే మాట ఒకటుంది. "మేడమ్, నేను చేరట్లేదు. మా కంపెనీవాళ్లే జీతం పెంచి ఉండిపొమ్మంటున్నారు." రాజీనామా పెట్టిన మనిషిని వదులుకోలేక పాత కంపెనీ ఇచ్చే ఈ కొత్త ఆఫర్‌నే మేం కౌంటర్ ఆఫర్ అంటాం.

ఆ మాట విన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. అలా అనిపించదని చెబితే అబద్ధమే అవుతుంది. మా ఫీజు సాధారణంగా అభ్యర్థి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత. మనిషి చేరితేనే బిల్లు వేస్తాం, చేరకపోతే నెలన్నర పని ఉత్తదే. అయినా ఉండిపోతానన్నందుకు నేనెవరినీ దూరం పెట్టలేదు. ఎవరి సంసారం వారిది, ఎవరి లెక్కలు వారివి. ఆ మాట ఏ రోజు చెప్పారు, ఎలా చెప్పారు అన్నదే తర్వాత నాకు గుర్తుండేది.

బాగా చెప్పిన ఒక అబ్బాయి సంగతి రాస్తాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్ల అనుభవం. గచ్చిబౌలిలో ఏడాదికి 14 లక్షల జీతం. మా క్లయింటు కంపెనీ అతనికి 19 లక్షలకు ఆఫర్ ఇచ్చింది. సంతకం పెట్టి పంపాడు, రాజీనామా ఇచ్చాడు, 90 రోజుల నోటీసు మొదలైంది. ఈ మూడు నెలలే మాకు గండం. ఆఫర్ లెటర్ జేబులో పెట్టుకున్న మనిషి అన్నాళ్లూ పాత ఆఫీసులోనే కూర్చుంటాడు, పాత మేనేజరు రోజూ ఎదురుగా కనిపిస్తుంటాడు.

తొమ్మిదో రోజున అతని మేనేజరు కూర్చోబెట్టి మాట్లాడాడు. జీతం 17 లక్షలన్నర చేస్తామన్నాడు. దానికంటే పెద్ద మాట మరొకటి చెప్పాడు. అతని తండ్రికి గుంటూరులో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. నెలలో రెండు వారాలు ఊరి నుంచే పని చేసుకోవచ్చని మేనేజరు ఒప్పుకున్నాడు. మా క్లయింటు దగ్గర వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందే. లక్షన్నర తక్కువైనా అతనికి ఇదే నయమనిపించింది.

అయితే ఆ తొమ్మిదో రోజున అతను నాకు ఫోను చెయ్యలేదు. అది సరైన పనే. నోటి మాటగా ఇచ్చిన కౌంటర్ ఆఫర్ గాలిలో దీపం. మేనేజరు మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు, పైవాళ్లు ఒప్పుకోకపోతే అతని చేతిలో మాత్రం ఏముంటుంది? ఇలా నోటి మాట నమ్ముకుని కొత్త ఆఫర్ వదిలేసినవాళ్లను చూశాను. రాజీనామా వెనక్కి తీసుకున్నట్టు హెచ్.ఆర్. రికార్డుల్లో నమోదు కాదు, సవరించిన జీతం కాగితం రాదు, అటు పాత సీటూ ఇటు కొత్త సీటూ లేకుండా పోతాయి. ఇతను రెండు కాగితాలు చేతికొచ్చేదాకా ఆగాడు. ఒకటి కొత్త జీతంతో పాటు ఇంటి నుంచి పని చేసుకునే ఏర్పాటు కూడా రాసి ఉన్న ఉత్తరం. రెండోది రాజీనామా ఉపసంహరణకు అంగీకరించామని హెచ్.ఆర్. పంపిన మెయిల్. అవి పదకొండో రోజు సాయంత్రం వచ్చాయి. పన్నెండో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నాకు ఫోను వచ్చింది.

మొదటి వాక్యంలోనే విషయం చెప్పేశాడు. "మేడమ్, నేను ఇప్పుడున్న కంపెనీలోనే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాను. కాగితాలు నిన్న సాయంత్రం అందాయి. ముందు మీకే చెబుతున్నాను." తర్వాత కారణం చెప్పాడు, ఒకే ఒక్కటి. నాన్నగారి డయాలసిస్, గుంటూరు నుంచి పని చేసే వీలు. క్లయింటు జీతం గురించి గానీ, ఇంటర్వ్యూ గురించి గానీ ఒక్క వంక పెట్టలేదు. వాళ్లకు ఈ కారణం చెప్పవచ్చా అని అడిగితే, "చెప్పండి మేడమ్, నేనూ మెయిల్‌లో రాస్తాను" అన్నాడు.

నేను ఊరుకోలేదు, ఊరుకోవడం మా వృత్తిలో లేదు. "మన క్లయింటుతో మాట్లాడి వారానికి రెండు రోజులు చేయిస్తే వస్తారా?" అని అడిగాను. ఇలాంటి ప్రశ్న దగ్గరే చాలామంది మెత్తబడతారు. మనసులో నిర్ణయం అయిపోయినా, అవతలివాళ్లను నొప్పించలేక "చూద్దాం మేడమ్" అంటారు. ఆ 'చూద్దాం' పట్టుకుని నేను క్లయింటు దగ్గరికి పరిగెత్తుతాను, వాళ్లు పైవాళ్లను అడుగుతారు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ కాదంటే ముగ్గురి ముందూ నా మాట చెల్లదు. ఇతను మాత్రం, "వద్దు మేడమ్. మీరు అడిగి తెచ్చినా నేను రాలేను. వాళ్లను అడిగించి కాదనడం బాగుండదు" అన్నాడు. మాట మెత్తగానే ఉంది, సందేహానికి మాత్రం చోటు లేదు.

నిజంగా ఇంకా తేల్చుకోని మనిషైతే ఉండిపోతున్నానని చెప్పనేకూడదు. "ఇలా ఒక ఆఫర్ వచ్చింది, శుక్రవారంలోగా చెబుతాను" అంటే మాకు అర్థమవుతుంది. ఒకసారి ఒకతను ఉండిపోతున్నానన్నాడు. క్లయింటు మరో 2 లక్షలు పెంచితే, సరే వస్తానన్నాడు. ఆ కాగితం తీసుకెళ్లి పాత కంపెనీలో చూపించి, అక్కడ ఇంకొంచెం పెంచుకుని అక్కడే ఉండిపోయాడు. ఆఫర్ లెటర్లలో వివరాలు బయటపెట్టకూడదన్న షరతు చాలా చోట్ల ఉంటుంది. అది పక్కన పెట్టినా, ఆ క్లయింటు నాకు మళ్లీ పొజిషన్ ఇవ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది. నేను చెబుతున్న అబ్బాయి మేనేజరు కూడా మా క్లయింటు ఆఫర్ లెటర్ చూపించమన్నాడట. ఇతను మొత్తం ఎంతో చెప్పి, కాగితం ఇవ్వలేనన్నాడు.

మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది. నాకూ, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన క్లయింటు హెచ్.ఆర్.కూ కలిపి పంపాడు. ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో చెబితే ఇంతే: "మీరిచ్చిన ఆఫర్‌కు కృతజ్ఞతలు. కుటుంబంలో ఒక వైద్య అవసరం వల్ల ప్రస్తుత కంపెనీలోనే కొనసాగాలని నిర్ణయించుకున్నాను. చెప్పిన తేదీన చేరలేను. ఇది నా తుది నిర్ణయం. నా కోసం మీరు వెచ్చించిన సమయానికి, ముఖ్యంగా రెండో ఇంటర్వ్యూ చేసిన మేనేజరు గారికి ధన్యవాదాలు. నా నేపథ్య పరిశీలన ఆపేయమని కోరుతున్నాను." ఆ చివరి వాక్యం చాలామందికి తట్టదు. ఆఫర్ ఒప్పుకోగానే సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాల వివరాలు సరిచూసే ఏజెన్సీ రంగంలోకి దిగుతుంది. దాన్ని ఆపకపోతే క్లయింటుకు ఖర్చు. పైగా ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకే ఆ ఏజెన్సీ నుంచి ఫోను వెళ్లే ప్రమాదమూ ఉంది. కొత్త కంపెనీ ముందుగా బోనసో, ఇల్లు మారే ఖర్చులో ఇచ్చి ఉంటే ఎప్పటికి తిరిగి కడతారో కూడా ఈ మెయిల్‌లోనే రాయాలి. ఇతనికి అలాంటిదేమీ లేదు.

ఇక పన్నెండో రోజు అని ఎందుకు పదేపదే అంటున్నానో చెప్పాలి. ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూలన్నీ గట్టెక్కి రెండో స్థానంలో నిలిచిన అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆమె నోటీసు 60 రోజులు. కొత్త ఆఫర్ తయారవడానికి ఒక వారం పట్టింది. పన్నెండుకు ఏడు, దానికి అరవై కలిపితే డెబ్బై తొమ్మిది. అంటే ఇతను చేరాల్సిన తొంభయ్యో రోజుకు ముందే ఆమె ఆ సీట్లో కూర్చున్నారు. ప్రాజెక్టు ఒక్క రోజు ఆగలేదు, మా బిల్లు కూడా పోలేదు. ఇదే కబురు ఎనభై అయిదో రోజున వచ్చి ఉంటే అదే లెక్క నూట యాభై రెండుకు చేరేది, క్లయింటు రెండు నెలలు ఖాళీ కుర్చీతో నెట్టుకురావాల్సి వచ్చేది. నిజానికి అప్పటిదాకా ఆ అమ్మాయి మా కోసం ఆగేవారు కాదు.

అసలు చెప్పకుండానే మానేసినవాళ్లూ ఉన్నారు. ఒక సోమవారం పొద్దున క్లయింటు ఆఫీసు రిసెప్షన్‌లో నిలబడి పదకొండు దాకా ఒకరికోసం ఎదురుచూశాను. అతని పేరుతో ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టి ఉన్నాయి. ఫోను స్విచాఫ్. అతనికి ప్రమాదమేమైనా జరిగిందేమోనని ముందు నాకు భయమేసింది. వాళ్లింటి నంబరు వెతికి చేస్తే, "మావాడు ఆఫీసుకెళ్లాడండీ, పాత ఆఫీసుకే" అన్నారు వాళ్లమ్మగారు. పాపం, ఆవిడకు ఏమీ తెలియదు. చెప్పడానికి మొహం చెల్లక అలా చేశాడని తర్వాత తెలిసింది. అతను చెడ్డవాడని నేను అనుకోను. కానీ రెండేళ్ల తర్వాత అతనికి సరిగ్గా సరిపోయే ఉద్యోగం వచ్చినప్పుడు అతని ప్రొఫైల్ పంపే ధైర్యం నాకు చాల్లేదు.

మా వైపు తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కౌంటర్ ఆఫర్ తీసుకుంటానన్న ప్రతివాళ్లకూ, "అలా ఉండిపోయినవాళ్లు ఆరు నెలల్లో ఎలాగూ బయటికొస్తారండీ" అని చెప్పడం మా వృత్తిలో అలవాటు. నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. ఆ లెక్క ఎక్కడిదని ఒక పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆరోజు నుంచి ఆ మాట మానేశాను. బదులుగా ఒకటే అడుగుతున్నాను: "మీరు ఎందుకు బయటికి రావాలనుకున్నారో ఆ కారణం తీరిందా?" ఈ అబ్బాయిని అడిగితే, "తీరింది మేడమ్. నాన్న దగ్గర ఉండాలనే ఉద్యోగం వెతికాను. డబ్బు ఆ తర్వాత" అన్నాడు. దాంతో నేనింక మాట్లాడలేదు.

ఫోను పెట్టేసే ముందు, తన పాత సహోద్యోగి ఒకరు ఉద్యోగం వెతుకుతున్నారనీ, ఆయన్ను అడిగి ఒప్పుకుంటే నంబరు పంపుతాననీ చెప్పాడు. ఇలా చాలామంది అంటారు, పంపేవాళ్లు తక్కువ. రెండు రోజుల తర్వాత నంబరు వచ్చింది. ఆయన్ను మరో కంపెనీలో చేర్చాం.

ఏడాదిన్నర తర్వాత ఆ అబ్బాయే మళ్లీ ఫోను చేశాడు. నాన్నగారిని హైదరాబాదుకే తీసుకొచ్చేశారట, ఇప్పుడు మారడానికి ఇబ్బంది లేదన్నాడు. అదే క్లయింటు దగ్గర టెస్ట్ లీడ్ ఉద్యోగం ఖాళీగా ఉంది. ప్రొఫైల్ పంపగానే అక్కడి హెచ్.ఆర్. ఆవిడ, "ఈయన పోయినసారి రాలేదు కదండీ" అన్నారు. అవునండీ, ఒకసారి ఆయన పాత రికార్డు తెరిచి చూడండి అన్నాను. ఫోనులో కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆ మెయిల్, దాని తేదీ చూసినట్టున్నారు.

"గురువారం నాలుగింటికి రమ్మనండి" అన్నారు.