మాటల్లేని ఫొటో

మగ్రిబ్ నమాజ్ అయ్యాక ఫోన్ చూస్తే భాంజా పంపిన ఫొటో. కాగితం మీద బల్బు, స్విచ్, రెండు వైర్లు. సలాం లేదు, సవాల్ లేదు. అర్థం చెప్పమనా? గలతీ వెతకమనా?

ఎర్ర వైరు, అంటే ఫేజు, తిన్నగా హోల్డర్‌కి పోయింది. స్విచ్చేమో నల్ల వైరులో, న్యూట్రల్‌లో ఉంది. ఇలా బిగించినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. అందుకే గలతీ కనపడదు. కానీ స్విచ్ ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు మార్చేటప్పుడు ఆపా చెయ్యి తగిలితే ఖతరా.

జవాబు రాయకుండా ఫోన్ చేశా.

"బేటా, బిగించేశావా?"

"హా మామూ, బాగానే వెలుగుతోంది."

"ముందు మెయిన్ దించు. ఫేజు స్విచ్‌కి, న్యూట్రల్ తిన్నగా హోల్డర్‌కి ఇవ్వు. మళ్లీ మెయిన్ ఎత్తి, స్విచ్ ఆపి, హోల్డర్‌లో టెస్టర్ పెట్టు. వెలగకూడదు."

ఎందుకన్నది ఇషా తర్వాత చెప్పా.