దిద్దిన ఫైల్ కాదు, దిద్దుబాట్లు కనిపించే ఫైల్ అడగండి

మాక్ ఎస్సే రాసి ఎవరికైనా చూపిస్తే మనకు వెనక్కి వచ్చేది ఏమిటి? చాలాసార్లు శుభ్రంగా దిద్దిన ఫైల్ ఒకటి వస్తుంది. చదవడానికి బాగుంటుంది, మనమే రాశామన్న తృప్తి కూడా కలుగుతుంది. మరుసటి వారం ఇంకో టాపిక్ మీద రాస్తే మళ్లీ అవే తప్పులు. ఆర్నెల్లు నా పరిస్థితి ఇదే. మెయిన్స్ ఎస్సే పేపర్‌లో 125 మార్కుల చొప్పున రెండు వ్యాసాలు చేత్తో రాయాలి. దిద్దిపెట్టే స్నేహితుడు అక్కడికి రాడు. మన వెంట వచ్చేది అతను ఎందుకు దిద్దాడన్న కారణం ఒక్కటే.

అందుకే ఇప్పుడు వర్డ్ ఫైల్‌లో ముందే Review ట్యాబ్‌లోకి వెళ్లి Track Changes ఆన్ చేసి పంపుతున్నాను. దాని షార్ట్‌కట్ Ctrl+Shift+E. గూగుల్ డాక్స్ వాడేవాళ్లయితే Suggesting మోడ్ పెట్టమనండి. స్నేహితుడిని నేను అడిగేది ఒక్కటే: అర్థాన్ని మార్చే ప్రతి దిద్దుబాటు దగ్గరా New Comment నొక్కి, ఎందుకో ఒక వాక్యంలో రాయమని.

ఒక ఉదాహరణ చూడండి. నేనుండేది భిలాయ్‌లోని కోహ్కాలో కాబట్టి, ప్రభుత్వ రంగ పరిశ్రమల మీద రాసిన వ్యాసంలో మా ఊరి కర్మాగారాన్నే తీసుకున్నాను. 'భిలాయ్ ఉక్కు కర్మాగారం 1955లో రష్యా సాయంతో ప్రారంభమైంది' అని రాశాను. ఫైల్ తిరిగొచ్చేసరికి 1955 మీద గీత పడి, పక్కన 1959 ఉంది. రష్యా స్థానంలో సోవియట్ యూనియన్ వచ్చింది. కామెంట్ ఇది: '1955 ఫిబ్రవరిలో కుదిరింది ఒప్పందంరా. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. నువ్వు రెండూ కలిపేశావ్.' ఇలాంటివి Accept చేయడమే. కానీ ఆ కామెంట్ లేకపోతే నేను ఒక అంకె మాత్రమే మార్చుకునేవాణ్ణి. ఒప్పందం తేదీనీ ప్రారంభం తేదీనీ కలిపేసే అలవాటు నాకుందని తెలిసేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. వర్డ్ సాధారణంగా పాత మాట తీసేయడాన్ని ఒక మార్పుగా, కొత్త మాట చేర్చడాన్ని ఇంకో మార్పుగా లెక్కిస్తుంది. ఒకదాన్నే Accept చేసి ముందుకెళ్తే వాక్యంలో సంవత్సరమే లేకుండా పోవచ్చు, లేదా రెండు సంవత్సరాలూ మిగలొచ్చు. రెంటినీ కలిపి సెలెక్ట్ చేసి Accept నొక్కండి.

రెండో వాక్యం దగ్గరే నేను అసలు విషయం నేర్చుకున్నాను. 'ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లలో కొందరికి ప్లాంటులో పర్మినెంట్ ఉద్యోగాలు దొరికినా, మరికొందరు కాంట్రాక్టు పనులు, చిన్న దుకాణాలు లాంటి వాటి మీద బతికారు' అని రాశాను. అతను దాన్ని 'ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకు ప్లాంటు ఉపాధి ఇచ్చింది' అని కుదించాడు. కామెంట్: 'ఒకే వాక్యంలో రెండు విషయాలు. చదివేవాడు మధ్యలో ఆగిపోతాడు.'

దిద్దుబాటు తప్పు. 'కొందరికి' పోవడంతో అందరికీ ప్లాంటే ఉపాధి ఇచ్చిందన్న అర్థం వచ్చింది. కానీ కామెంట్ నిజం. కాబట్టి Reject నొక్కి, నా వాక్యాన్ని నేనే రెండుగా విడగొట్టాను. 'కొందరికి ప్లాంటులో పర్మినెంట్ ఉద్యోగాలు దొరికాయి. మరికొందరు కాంట్రాక్టు పనులు, చిన్న దుకాణాల మీద బతికారు.' కామెంట్ కింద నేనేం చేశానో, ఎందుకు చేశానో జవాబు రాసి Resolve చేశాను. కారణాన్ని ఒప్పుకుంటూనే మార్పును కాదనొచ్చు. రెండూ విడివిడిగా కనిపిస్తేనే అది కుదురుతుంది. Accept All Changes నొక్కి ఉంటే నేను అనని మాట నా వ్యాసంలో ఉండిపోయేది.

అతను Track Changes ఆఫ్ చేసి దిద్దేస్తే? మీ పాత ఫైల్ దాచి ఉంచితే Review లోని Compare రెండు ఫైళ్లనూ పోల్చి, ఏం మారిందో గుర్తులతో చూపిస్తుంది. ఎందుకు మారిందో మాత్రం చెప్పలేదు. దానికి ఫోన్ చేసి అడగాల్సిందే. No Markup పెడితే గుర్తులు కనబడవంతే, మార్పులు ఫైల్‌లో అలాగే ఉంటాయి. ఎవరికైనా పంపేముందు All Markup పెట్టి ఒకసారి చూసుకోండి.

అన్నీ తేలాక కామెంట్లలోని కారణాలను మాత్రం నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మొన్నటి వ్యాసం నుంచి రెండే వచ్చాయి: ఏ తేదీ దేనిదో చూడు, ఒక వాక్యానికి ఒక విషయం. తర్వాతి మాక్ రాయబోయే ముందు ఆ పేజీ తెరుస్తాను. అదే కారణం మళ్లీ కామెంట్‌గా వస్తే దాని పక్కన ఒక గీత గీస్తాను. తేదీల దగ్గర ఇప్పటికి మూడు గీతలున్నాయి.