పెసరట్టుకు ఎనిమిది వాక్యాలు

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మూడో భాషగా ఫ్రెంచి తీసుకుంది. మొన్న శనివారం ఇచ్చిన ఇంటిపని ఇది: ఇంట్లో చేసే వంటకమొకటి ఎనిమిది వాక్యాల్లో రాయాలి. ప్రతి వాక్యంలోనూ క్రియ విధ్యర్థకంలో, అదీ ‘నువ్వు’ రూపంలో ఉండాలి. వరుసను తెలిపే మాటలు నాలుగైనా రావాలి. దబోర్ అంటే మొదట, ప్వి అంటే ఆపైన, ఆంస్విత్ అంటే తర్వాత, ఆంఫాఁ అంటే చివరగా. తరగతిలో సగం మంది క్రెప్ అనే ఫ్రెంచి అట్టు గురించి రాస్తున్నారట. “మనకూ అట్టుంది కదా, నానమ్మ పెసరట్టు రాస్తాను” అంది.

నానమ్మ అంటే మా అమ్మ. రెండేళ్లుగా మతిమరుపు. పాత సంగతులు పదిలంగానే ఉన్నాయి గానీ, చేస్తున్న పని మధ్యలో జారిపోతుంది. పొయ్యి దగ్గరకు వెళ్లనివ్వడం మానేశాం. అయినా అడగ్గానే ఉత్సాహంగా చెప్పింది. “ఏముందే తల్లీ! పెసలు కడిగి, నానబోసి, అల్లం పచ్చిమిరపకాయలు వేసి రుబ్బి, పెనం మీద పోసి, ఉల్లిపాయ చల్లి కాల్చెయ్.”

పిల్ల కలం పట్టుకుని అలాగే కూర్చుంది. ఇన్ని పనులకూ కలిపి ఆజ్ఞ ఒక్కటే, ‘కాల్చెయ్’. తక్కినవన్నీ క్త్వార్థకాలు. మొదట, తర్వాత అనే మాటలతో మనకు పెద్దగా పనిలేదు. వరుస అంతా ‘కడిగి’, ‘రుబ్బి’ చివరనున్న ఆ ఇకారంలోనే ఉంది. ఫ్రెంచి వంటకానికి ఆ గొలుసు పనికిరాదు. ఒక్కొక్క పనిని విడదీసి, విడిగా ఆజ్ఞాపించాలి.

విడదీయబోయింది. “మొదట ఏం చెయ్యాలి నానమ్మా?” “పెసలు కడుగు.” “తర్వాత?” “రుబ్బు.” “నానబెట్టొద్దూ?” అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఒక్క ఊపిరిలో చెప్పినప్పుడు తప్పిపోని మెట్టు, ముక్కలు చేసి అడిగేసరికి తప్పిపోయింది. ఇక చాల్లే, నేను చెబుతాను రాసుకో అనబోయాను. అంతలో పిల్లే వెనక్కి వెళ్లి, “పెసలు కడిగి...” అని సాగదీసి ఆగింది. “నానబోసి,” అంది అమ్మ, వెంటనే. తర్వాత అంతా అలాగే నడిచింది. పిల్ల కొసను అందిస్తుంది, అమ్మ తర్వాతి మెలిక వేస్తుంది, పిల్ల దాన్ని తెంపి ఫ్రెంచిలో రాసుకుంటుంది.

గొలుసులో లేని సంగతులూ అలాగే బయటికొచ్చాయి. ఎంతసేపు నానాలి? గింజను గోటితో నొక్కితే తునిగేదాకా; ఎటూ తేలకపోతే రాత్రి పోసి పొద్దున తియ్యడమే. పెసలతో పాటే గుప్పెడు బియ్యం నానబోస్తే కరకరలాడుతుంది. మినపపిండిలా పులియబెట్టకూడదు, రుబ్బిన వెంటనే పోసెయ్యాలి. ఈ చివరిది దానికి బాగా ఉపయోగపడింది. ‘నాతాం పా’, అంటే ఆగకు అని ఒక నిషేధ వాక్యం దొరికింది.

‘నానబెట్టు’ దగ్గర మాత్రం నాకే ముచ్చటేసింది. ఫ్రెంచివాళ్లు ‘లెస్ త్రాంపే’ అంటారు, నాననివ్వు అని. వండడానికీ అంతే, ‘ఫె క్వీర్’, ఉడికేలా చెయ్యి. నానేది పెసలు, ఉడికేది పప్పు. మనం చేసేదల్లా వాటిచేత ఆ పని చేయించడం. మన ‘నానబెట్టు’, ‘ఉడకబెట్టు’లలో ఉన్నదీ ఆ ప్రేరణార్థకమే. అంత దూరపు భాషలో ఈ ఒక్కచోట తెలుగును దాదాపు ఉన్నదున్నట్టు దించుకోవచ్చు.

పుస్తకం బుధవారం దిద్దుబాటై వచ్చింది. రెండుచోట్ల ఎర్ర సున్నాలు. ‘నువ్వు కడుగుతావు’ అనడానికి ‘త్యు లావ్’. దాని చివర ఎస్ రాయాలి, పలకకూడదు. ‘కడుగు’ అని ఆజ్ఞాపించేటప్పుడు ‘త్యు’తో పాటు ఆ ఎస్ కూడా పోతుంది. ఇ, ఆర్ అక్షరాలతో ముగిసే క్రియలన్నిటికీ ఇదే పద్ధతి. చెవికి మాత్రం రెండూ ఒక్కటే. విని నేర్చుకునేవాళ్లెవరికైనా తప్పనిసరిగా తప్పే చోటు. ‘లావ్’, ‘అజూత్’ రెండింటికీ అనవసరపు ఎస్సులు తగిలించింది మా పిల్ల.

ఆదివారం తన వాక్యాలు ఎదురుగా పెట్టుకుని తనే పోస్తానంది. అమ్మను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. పెనం మరీ కాలిపోయింది కాబోలు, మొదటి అట్టు పరుచుకోలేదు. పిండి గరిటెను పట్టుకుని ముద్దగా లేచొచ్చింది. ఎనిమిది వాక్యాల్లోనూ దీనికి జవాబు లేదు.

“పొయ్యి తగ్గించి,” అంది అమ్మ కుర్చీలోంచి, “నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది...”

ఆగిపోయింది. పిల్ల అంతా అలాగే చేసి, గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది.

“రుద్ది, నానమ్మా?”

“రుద్ది, పొయ్యవే.”